అప్‌డేట్: రెజ్యూమెలకు మార్కుల షీట్ పెట్టాక

నా ప్రశ్న: "వైజాగ్‌లో హెచ్‌ఆర్ ఇంటర్న్‌ని. అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకి రెజ్యూమెలు కుప్పలుగా వచ్చాయి. ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా వడపోయాలి?"

అప్‌డేట్: రెజ్యూమెలు తెరవకముందే మేనేజర్ గారితో కూర్చుని షీట్ రాసుకున్నాం. బీకామ్ తప్పనిసరి. ఆపైన టాలీ, జీఎస్టీ, ఎక్సెల్‌కి తలా 0 నుంచి 2 మార్కులు. ఊరికే పేరు రాస్తే 1, దాంతో ఏ పని చేశారో చెబితే 2. ఈ తేడానే అసలు కీలకం.

రంగురంగుల రెజ్యూమె ఒకటి, "టాలీలో నిపుణురాలిని" అంది. 1 పడింది. ఇంకొకటి సాదా పేజీ, మధ్యలో రెండేళ్ల ఖాళీ. కానీ "నెలనెలా GSTR-1, GSTR-3B రిటర్నులు వేశాను, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్కలు సరిచూశాను" అని ఉంది. జీఎస్టీకి 2. ఆ ఖాళీ చూసి సార్ పక్కన పెట్టేద్దామన్నారు. షీట్‌లో ఖాళీకి మార్కులు లేవు కదా సార్ అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు.

మొదటి కొన్నింటికి ఇద్దరం ఒకరివి ఒకరు చూడకుండా మార్కులు వేశాం. ఎక్సెల్ దగ్గర తేడా వచ్చింది: కోర్సు సర్టిఫికెట్‌కి ఆయన 2 వేశారు, నేను 1. ఉద్యోగంలో వాడితేనే 2 అని తేల్చుకుని, అప్పటికే చూసినవన్నీ మళ్లీ దిద్దాం. ఇది చేయకపోతే ముందు చూసినవాళ్లకో రూలు, తర్వాత చూసినవాళ్లకో రూలు అయ్యేది.

ఇంటర్వ్యూలకు ఎంపికైనవాళ్లందరికీ ఒకే మెసేజ్, అవే స్లాట్లు, జవాబుకి మర్నాడు సాయంత్రం దాకా గడువు. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకి పొద్దున 9 కష్టమని మొదటి స్లాటే 11కి మార్చాం. ఒక్కొక్కరికి అరగంట, అవే ప్రశ్నలు.