అప్‌డేట్: తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకునే అలవాటు గురించి

నా ప్రశ్న: "ఆఫీసు మీటింగుల్లో ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో కూర్చుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చి మాట్లాడుతున్నాను. దీన్ని ఎలా మానుకోవాలి?"

సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నాకు ఎక్కువగా ఉపకరించింది క్రియ స్థానం గురించి ఒకరు రాసిన మాట. "క్లయింటు నిన్న పంపిన ఫైల్లో ఉన్న తప్పులను సరిచేయడానికి నాకు రేపటిదాకా సమయం కావాలి" అన్న వాక్యంలో అసలు విషయం చివరకు వస్తుంది. ఇంగ్లీషులో అదే ముందుంటుంది కనుక, తెలుగు వాక్యం పూర్తయ్యేదాకా నోరు తెరవడానికి వీలుండదు. అందుకే ఇప్పుడు "ఐ నీడ్ టైమ్ టిల్ టుమారో" అని మొదలుపెట్టి, ఎందుకన్నది "టు ఫిక్స్ ద ఎర్రర్స్" అని, ఎక్కడివన్నది "ఇన్ ద ఫైల్ ద క్లయింట్ సెంట్ యెస్టర్‌డే" అని ఒక్కొక్కటిగా చేరుస్తున్నాను. "ఐ నీడ్", "ఐ యామ్ వెయిటింగ్ ఫర్" వంటి ఆరంభాలను విడి మాటలుగా కాక, ఏక ఖండాలుగా, రోజూ చేసే పని గురించే పైకి చెబుతూ సాధన చేశాను.

మార్పును గుర్తించే ఆనవాలు, నా దృష్టిలో, వేగం కాదు, మౌనం ఎక్కడ పడుతుందన్నదే: మునుపు వాక్యానికి ముందే ఆగిపోయేవాణ్ణి, ఇప్పుడు క్రియ చెప్పేశాక ఆగుతున్నాను, అప్పటికే ఎదుటివారికి విషయం అందివుంటుంది. లెక్కలు మాత్రం ఇంకా తెలుగులోనే చేసుకుంటున్నాను. అభిప్రాయభేదం వచ్చి వాదించాల్సినప్పుడూ పాత పద్ధతే తిరిగి వస్తోంది.