అమ్మకాలు 20 శాతం, రావలసిన బాకీలు 70 శాతం పెరిగాయి, తరుగుదల తగ్గింది: ఈ లాభాన్ని నమ్మవచ్చా?

నరసరావుపేట ఇన్వెస్టర్:
నా దగ్గర ఒక చిన్న పురుగుమందుల కంపెనీ షేర్లు ఉన్నాయి. పేరు రాయను, ఎవరూ దాన్ని చూసి కొనడమో అమ్మడమో చేయకూడదు. మార్చితో ముగిసిన సంవత్సరానికి అమ్మకాలు 400 కోట్ల నుంచి 480 కోట్లకు, లాభం 30 నుంచి 42 కోట్లకు పెరిగాయి. కానీ డీలర్ల నుంచి రావలసిన డబ్బు 80 కోట్ల నుంచి 136 కోట్లయింది. కొత్త యూనిట్ పెట్టారు, అయినా తరుగుదల 18 నుంచి 13 కోట్లకు తగ్గింది. వ్యాపారం మీద వచ్చిన క్యాష్ ఫ్లో 28 నుంచి 3 కోట్లకు పడిపోయింది. ఏది ముందు చూడాలి?

షేర్ల పిచ్చి:
బాకీలు ఇంతలా పెరిగాయంటే దొంగ లెక్కలే. సత్యంలో జరిగిందీ ఇదే. రేపే అమ్మేయండి.

లెడ్జర్ మాస్టారు:
అంత తొందర వద్దు. 2009 జనవరి 7 నాటి సత్యం లేఖలో డెట్టర్లను ఎక్కువ చూపించింది 490 కోట్లు, లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు. అంటే అక్కడ పెద్ద గొయ్యి బ్యాంకు బ్యాలెన్స్‌లో ఉంది. బాకీల లెక్క ఒక్కటే చూసినవాళ్లకు అది దొరికేది కాదు. అలాగే బాకీలు పెరిగిన ప్రతిచోటా మోసం ఉండదు.

ముందుగా, బాకీ వసూలుకు ఎన్ని రోజులు పడుతోందో లెక్క వేయండి. 80ని 400తో భాగించి 365తో హెచ్చిస్తే 73 రోజులు. ఈ ఏడాది 103. పాత పద్ధతిలోనే వసూలై ఉంటే 480 కోట్ల అమ్మకాలకు 96 కోట్ల బాకీ ఉండాలి. మిగతా 40 కోట్లు ఎందుకు పేరుకున్నాయన్నదే మీ ప్రశ్న. జనవరి–మార్చి త్రైమాసికం అమ్మకాలు ఎంతో చెప్పగలరా?

నరసరావుపేట ఇన్వెస్టర్:
పోయినేడు 90 కోట్లు, ఈసారి 150.

కొత్త సీఏ:
అయితే సమస్యే లేదు సార్. చివరి త్రైమాసికం అమ్మకాల మీద లెక్క వేస్తే పోయినేడు 80 రోజులు, ఈసారి 82. అమ్మకాలు ఆఖర్లో ఎక్కువ జరిగాయి, ఆ బిల్లులింకా వసూలు కాలేదు, అంతే.

లెడ్జర్ మాస్టారు:
మీ లెక్క తప్పు కాదు. కానీ దానితో ప్రశ్న తీరలేదు, జాగా మారిందంతే. ఏడాది మొత్తం మీద పెరిగిన 80 కోట్లలో 60 కోట్లు ఆ మూడు నెలల్లోనే వచ్చాయి. రబీ మందులు ఫిబ్రవరికల్లా చాలావరకు అమ్ముడైపోతాయి, ఖరీఫ్ జూన్‌లో గానీ మొదలు కాదు. మార్చిలో అంత సరుకు ఎవరు కొన్నారు? ఇంకొక సంగతి, మార్చి త్రైమాసికం అంకె సాధారణంగా ఏడాది మొత్తంలోంచి తొమ్మిది నెలల అంకె తీసేస్తే మిగిలేది. ఏడాది చివర చేసిన సర్దుబాట్లన్నీ అందులోకే వస్తాయి.

వరంగల్ డీలర్:
నేను షేర్లు కొనను, మందుల షాపు ఉంది. మార్చి ఆఖరి వారంలో ఏం జరుగుతుందో చెప్తాను. ఒక కంపెనీ సేల్స్ ఆఫీసర్ వచ్చి "అన్నా, టార్గెట్‌కు కొంచెం తక్కువ పడింది, ఈ లోడ్ దింపుకో, డబ్బులు ఆగస్టులో ఇవ్వు, అమ్ముడుపోకపోతే వాపస్ తీసుకుంటం" అన్నాడు. బిల్లు మార్చి 29 తేదీతో వచ్చింది. ఆ వాపస్ మాట మాత్రం ఎక్కడా రాసి లేదు. వానలు ఆలస్యమై సరుకు మిగిలితే ఆ వాపస్ క్రెడిట్ నోట్ కోసం నెలల తరబడి తిరిగాను. నా గోడౌన్లో ఉన్న డబ్బాలను వాళ్లు అమ్మకం అని లెక్క రాసుకున్నట్టే కదా?

లెడ్జర్ మాస్టారు:
అవునండీ, అసలు విషయం మీరే చెప్పారు. వాపసు వస్తుందని అంచనా ఉన్న మేరకు ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం అమ్మకంగా చూపకూడదు, రీఫండ్ బాధ్యతగా పక్కన పెట్టాలి. నోటి మాటగా ఇచ్చిన హామీ అయినా, వాడుకగా వాపసు తీసుకుంటుంటే అంచనాలో కలపాల్సిందే. ఇన్వెస్టర్ గారూ, బాధ్యతల నోట్‌లో ఆ అంకె అమ్మకాలతో పాటు పెరిగిందా చూడండి. తర్వాత బాకీల వయసు పట్టిక. 2021 ఏప్రిల్ నుంచి ప్రతి కంపెనీ కంపెనీల చట్టం షెడ్యూల్ 3 కింద ఇది ఇవ్వాలి. ఆరు నెలలు దాటినవి ఎన్నో విడిగా ఉంటుంది.

నరసరావుపేట ఇన్వెస్టర్:
రీఫండ్ బాధ్యత దాదాపు అంతే ఉంది. పట్టికలో గడువు రానివి 52 నుంచి 90 కోట్లు, ఆరు నెలలు దాటినవి 6 నుంచి 21 కోట్లు. రాని బాకీల కోసం పక్కన పెట్టింది మాత్రం 3 కోట్ల దగ్గరే ఉంది.

లెడ్జర్ మాస్టారు:
ఆరు నెలలు దాటినవి మూడున్నర రెట్లయినా పక్కన పెట్టింది కదలలేదంటే, లాభానికి తగలాల్సిన ఖర్చు వాయిదా పడిందని నా అనుమానం. "గడువు రానివి" అన్న వరుసను చూసి ధైర్యపడకండి. ఆ పట్టికలో వయసు లెక్క బిల్లు తేదీ నుంచి కాదు, చెల్లించాల్సిన తేదీ నుంచి మొదలవుతుంది. 90 రోజుల అరువును 180 చేస్తే నాలుగు నెలల నాటి బిల్లు కూడా గడువు రానిదిగానే కనిపిస్తుంది.

షేర్ల పిచ్చి:
సరే, తరుగుదల సంగతి? అది చేతిలోంచి పోయే డబ్బు కాదు కదా, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కొత్త సీఏ:
చేతిలోంచి పోదు గానీ లాభంలోంచి పోతుంది, షేరుకు ధర కట్టేది ఆ లాభం మీదే. యంత్రం 10 ఏళ్లు పనిచేస్తుందని రాసుకున్నదాన్ని 18 ఏళ్లంటే ఏడాది ఖర్చు దాదాపు సగమవుతుంది. అమెరికాలో వేస్ట్ మేనేజ్‌మెంట్ చెత్త లారీల ఆయుష్షు, ఆఖరున వచ్చే విలువ పెంచి రాసుకుంది. 1998లో పాత లెక్కలను 170 కోట్ల డాలర్ల మేర సవరించాల్సి వచ్చింది.

తెనాలి ట్రాన్స్‌పోర్ట్:
మా వ్యాన్లకు ఆడిటర్ ఏటా ఒకే రేటు వేస్తాడు. ఆ రేటు మార్చడానికి లేదన్నాడు. కంపెనీలు ఎలా మారుస్తాయి?

లెడ్జర్ మాస్టారు:
మీరు చెప్తున్నది ఆదాయపన్ను లెక్క. వాటాదారులకు చూపే పుస్తకం వేరు. అందులో కంపెనీల చట్టం షెడ్యూల్ 2 ఆయుష్షులు ఉన్నాయి, సాంకేతిక కారణం చూపి వేరేవి పెట్టుకోవచ్చు. ఆ మార్పు వల్ల పన్ను లెక్క మారదు, కాబట్టి లాభం ఎక్కువ చూపినందుకు ఆ ఏడాది సాధారణంగా అదనంగా పన్ను కట్టక్కర్లేదు.

ఇన్వెస్టర్ గారూ, మొత్తం ఆస్తులను కొన్నప్పటి ఖరీదు, అందులో కొత్త యూనిట్ ఎప్పుడు చేరింది, "అంచనాలో మార్పు" అన్న నోట్ ఉందా, ఈ మూడూ చూడండి. తరుగుదల న్యాయంగానే తగ్గవచ్చు కూడా. పాత యంత్రాల ఖర్చు పూర్తిగా రాసేసినా, తగ్గుతూ పోయే నిల్వ మీద లెక్కించే పద్ధతి ఉన్నా తగ్గుతుంది.

నరసరావుపేట ఇన్వెస్టర్:
కొన్నప్పటి ఖరీదు 240 నుంచి 300 కోట్లయింది. పాత రేటు ఏడున్నర శాతం, దాన్ని 300కు వేస్తే ఇరవై రెండున్నర కోట్లు రావాలి. అంటే తొమ్మిదిన్నర కోట్లు దాచారా?

లెడ్జర్ మాస్టారు:
కొత్త 60 కోట్లు ఫిబ్రవరిలో చేరి ఉంటే వాటికి రెండు నెలల తరుగుదలే పడుతుంది. నోట్ చూడకుండా ఆ మాట అనవద్దు.

నరసరావుపేట ఇన్వెస్టర్:
దొరికింది. ఫిబ్రవరిలోనే చేరింది. 48వ నోట్‌లో, "సాంకేతిక అంచనా మేరకు ఆయుష్షు సవరించినందున తరుగుదల 6 కోట్లు తక్కువ" అని ఒక్క వాక్యం ఉంది. ఎవరు అంచనా వేశారో లేదు.

లెడ్జర్ మాస్టారు:
అయితే 13కు 6 కలిపితే 19, పాత 18కి కొత్త యూనిట్ రెండు నెలల తరుగుదల దాదాపు కోటి చేరినట్టు సరిపోతుంది. ఇప్పుడు కట్టకపోయినా తర్వాత కట్టాల్సిన పన్ను కింద పుస్తకంలో రాసే 25 శాతం తీస్తే నాలుగున్నర కోట్లు. పెరిగిన 12 కోట్ల లాభంలో అంత భాగం కలం మార్పు వల్ల వచ్చింది. మళ్లీ వచ్చే ఏడాది ఈ పెరుగుదల రాదు. ఇది రాసి చెప్పారు కాబట్టి మోసమనను. మార్చి అమ్మకాల సంగతే నాకు నచ్చలేదు.

కొత్త సీఏ:
డీలర్లకు కొత్త మందు ముందుగా చేర్చారేమో సార్. అదీ మామూలే.

లెడ్జర్ మాస్టారు:
కావచ్చు. సెప్టెంబర్ బ్యాలెన్స్ షీట్ నవంబర్ మధ్యకు వస్తుంది. ఖరీఫ్ అరువుల వల్ల అప్పుడు బాకీలు ఎప్పుడూ ఎక్కువే, కాబట్టి మార్చితో కాక పోయిన సెప్టెంబర్‌తో పోల్చండి. జూన్ త్రైమాసికం అమ్మకాలు పోయినేటి కంటే తగ్గాయా అన్నది ఇంకా ముందే తెలుస్తుంది.

వరంగల్ డీలర్:
అప్పటికి బాకీలు తగ్గినట్టు కనిపిస్తే? మా బిల్లులను బ్యాంకుకు అప్పజెప్పి డబ్బు తెచ్చుకునే కంపెనీలు కూడా ఉన్నయి.

లెడ్జర్ మాస్టారు:
నిజమే, డబ్బు రాకపోతే నష్టం కూడా బ్యాంకుదే అయ్యేలా అప్పజెబితే బాకీ పుస్తకంలోంచి పోతుంది, క్యాష్ ఫ్లో కూడా బాగుపడినట్టు కనిపిస్తుంది. అలా పుస్తకంలోంచి తీసేసిన బిల్లులు ఎంతో నోట్లలో చూసి, తిరిగి కలిపి లెక్క వేయాలి. కానీ ఆ వివరాలన్నీ సెప్టెంబర్ ఫలితాల్లో ఇవ్వరు, మార్చి రిపోర్ట్ దాకా ఆగాల్సిందే.