అమ్ముడుపోని సరుకు మీద పన్ను క్రెడిట్: మొత్తమా, సగమా?

చిట్టా_కొత్త: లక్షకి సరుకు కొన్నాం. దాని మీద 10 శాతం పన్ను కలిపి బిల్లు 1,10,000. నెలాఖరుకి సగమే అమ్ముడైంది, 70,000 ధర, పైన 7,000 పన్ను. మా అకౌంటెంటు 10,000 క్రెడిట్ మొత్తం చూపించాడు. అమ్మని సగం మీద కూడా క్రెడిట్ ఎలా వస్తుంది? 5,000 మాత్రమే కదా చూపించాలి?

నికరం: అకౌంటెంటు చేసిందే సరైనదండి. బిల్లుల మీద నడిచే వ్యాట్‌లో క్రెడిట్ కొనుగోలుతో పుడుతుంది, అమ్మకం కోసం ఆగదు. పన్ను పడే అమ్మకాల కోసమే కొన్నారా, బిల్లు మీ పేరున ఉందా, అందులో పన్ను విడిగా రాసి ఉందా అన్నదే చూస్తారు. ఫలానా పెట్టె మీద కట్టిన పన్ను ఆ పెట్టె అమ్మినప్పుడే తగ్గించాలన్న ముడి లేదు. ఆ కాలంలో వసూలైన పన్ను మొత్తంలోంచి కొనుగోళ్ల మీద కట్టింది మొత్తం తీసేస్తారు.

పుస్తకాల్లో ఇలా పడాలి. కొన్నప్పుడు కొనుగోళ్ల ఖాతాకి 1,00,000, ఇన్‌పుట్ ట్యాక్స్ ఖాతాకి 10,000 డెబిట్. సరఫరాదారుకి 1,10,000 క్రెడిట్. అమ్మినప్పుడు కొన్నవారికి 77,000 డెబిట్. అమ్మకాలకి 70,000, అవుట్‌పుట్ ట్యాక్స్‌కి 7,000 క్రెడిట్. నెలాఖరున అవుట్‌పుట్‌లోని 7,000ని ఇన్‌పుట్‌తో కొట్టేస్తే ఇన్‌పుట్ ఖాతాలో 3,000 డెబిట్ నిల్వ మిగులుతుంది. అది వచ్చే నెలకి వెళ్తుంది. మిగతా సగం కూడా 70,000కే అమ్మితే 7,000లో ఆ 3,000 పోను 4,000 కడతారు. మీరు పెంచిన విలువ 40,000, దాని మీద 10 శాతం సరిగ్గా అంతే.

మీ పద్ధతిలో నెలకి 2,000 చొప్పున కడతారు. మొత్తం మారదు గానీ మొదటి 2,000 నెల ముందే చేతి నుంచి పోతుంది.

పాత_పద్దు: ఇంత విడదీయడం ఎందుకు? కొనుగోళ్లలో 1,10,000, అమ్మకాల్లో 77,000 వేసి, పన్ను తేడా చివర్లో లాభనష్టాల ఖాతాకి తీసుకెళ్తే లాభం ఒకటే వస్తుంది.

నికరం: సరుకంతా అమ్ముడైపోతే మీరన్నది నిజమే. నిల్వ ఉన్నప్పుడు చూడండి. ముగింపు నిల్వ పన్నుతో కలిపి 55,000 అవుతుంది. 77,000లోంచి అమ్మిన సరుకు ఖరీదు 55,000 తీస్తే 22,000, దానికి రావలసిన 3,000 కలిపితే లాభం 25,000. అసలు లాభం 70,000లోంచి 50,000 పోగా 20,000. ఎక్కువైన ఆ 5,000 నిల్వలో దాక్కున్న పన్ను. దాన్ని క్రెడిట్‌గానూ తీసుకున్నారు, సరుకు విలువలోనూ ఉంచారు.

పాత_పద్దు: వచ్చే నెల సర్దుకుంటుందిగా.

నికరం: సర్దుకుంటుంది, అప్పుడు లాభం 15,000 చూపిస్తుంది. కానీ మధ్యలో లెక్కల సంవత్సరం ముగిస్తే, లేని 5,000 లాభం మీద ఆదాయపు పన్ను ముందే లెక్కకొస్తుంది. తిరిగిరాని పన్ను సంగతి వేరు. క్రెడిట్ ఇవ్వని కొనుగోలు మీద పన్ను సరుకు ఖరీదులోనే కలవాలి.

తప్పు దొరికించుకోవాలంటే, నెలాఖరున ఇన్‌పుట్ ఖాతా నిల్వనీ రిటర్నులో ముందుకు తీసుకెళ్లిన క్రెడిట్‌నీ పక్కపక్కన పెట్టండి. కలవకపోతే ముందు సరఫరాదారుకి తిప్పి పంపిన సరుకు చూడండి. సరుకు విలువ తగ్గించి, పన్ను తగ్గించడం మరిచిపోవడం తరచూ జరుగుతుంది.

గోదాం_తాళం: మా దగ్గర అమ్మని సగం నీళ్లలో తడిసి పనికిరాకుండా పోయింది. క్రెడిట్ ముందే తీసుకున్నాం. పైన చెప్పినట్టు అమ్మకంతో ముడి లేదంటే, ఇక తిరిగి ఇవ్వక్కర్లేదన్నమాటేగా?

నికరం: అలా అనుకోకండి, ఇక్కడ చట్టాలే విడిపోతాయి. యూరోపియన్ యూనియన్ వ్యాట్ డైరెక్టివ్ 185వ అధికరణం ప్రకారం, నాశనమైందని సరిగ్గా రుజువుంటే క్రెడిట్ సవరించక్కర్లేదు. దొంగతనం విషయంలో మాత్రం సభ్య దేశాలు సవరించమనవచ్చు. భారత జీఎస్టీలో 17(5)(హెచ్) పోయిన, దొంగిలించిన, నాశనమైన సరుకు మీద క్రెడిట్ ఇవ్వదు. అలాంటి చోట నష్టం ఖాతాకి 55,000 డెబిట్, సరుకుకి 50,000, ఇన్‌పుట్ ట్యాక్స్‌కి 5,000 క్రెడిట్. బీమా అడిగేటప్పుడు ఆ 5,000 కూడా అడగాలి.

పాత_పద్దు: అది న్యాయం కాదండి. వ్యాపారం కోసమే కొన్నాడు, పన్ను కట్టాడు, సరుకు పోయింది. వాడేవాడే లేనప్పుడు వ్యాపారి మీద పన్ను ఎందుకు మిగలాలి?

చిట్టా_కొత్త: రుజువు లేకుండా వదిలేస్తే, చాటుగా అమ్మేసి తడిసిపోయిందని రాసుకునేవాళ్లు ఉండరా?

పాత_పద్దు: ఉంటారు. దానికి రుజువు గట్టిగా అడగాలి గానీ, నిజంగా నష్టపోయినవాడి క్రెడిట్ కొట్టేయకూడదు.