ప్రశ్న ఉన్నది ఉన్నట్టే చదవాలా, మనిషికి అర్థమయ్యేలా అడగాలా?

కొత్త_సూపర్‌వైజర్: ఇంటింటి సర్వేకి 20 మంది కొత్తవాళ్లకి వచ్చే వారం ట్రైనింగ్ ఇవ్వాలి. ప్రశ్న అక్షరం మార్చకుండా చదవమంటే "జనం విసుక్కుంటారు సార్" అంటున్నారు. ఎంతవరకు పట్టుబట్టాలి?

టేపులు_వింటాను: పూర్తిగా. కాకపోతే మారిస్తే ఏమవుతుందో వాళ్ల చెవులతో విననివ్వండి. మా ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: "గత 7 రోజుల్లో మీరు కనీసం ఒక గంటైనా డబ్బు కోసం ఏదైనా పని చేశారా?" ఒకమ్మాయి మొదటి రెండిళ్లలో చక్కగా చదివింది. పదో ఇంటికొచ్చేసరికి అది "మీరేం ఉద్యోగం చేయట్లేదు కదండీ?" అయిపోయింది. ఆవిడ "లేదమ్మా, ఇంట్లోనే" అంది. రెండు నిమిషాల తర్వాత అదే రికార్డింగులో ఎవరో వచ్చి "నా బట్టలు కుట్టడం అయిందా?" అని అడిగారు. ఫారంలో మాత్రం ఆవిడ పని లేని మనిషి. ఆ "కదండీ" ఒక్కటీ జవాబు మోసుకొచ్చేసింది.

పాతకాపు: ఆ ప్రశ్న రాసినవాళ్లని ఒక్కరోజు ఎండలో గుమ్మం ముందు నిలబెట్టి చదివించండి, అప్పుడు మాట్లాడదాం. నేను తొమ్మిదేళ్లు తిరిగాను. ఒక సర్వేలో, అర్థం కాలేదన్న పెద్దాయనకి విడమర్చి చెప్పానని 11 ఫారాలు రద్దు చేశారు, ఆ రోజుల డబ్బులు ఇవ్వలేదు. చిలకలా చదివితే సరైన జవాబు వస్తుందా?

నీలిగీత: ట్యాబ్‌లో రికార్డింగ్ ఆన్ చేస్తే చాలు, దారిలో పడతారు.

టేపులు_వింటాను: సగం నిజం. మొదటి వారమే వింటేనే ఉపయోగం, సర్వే అయ్యాక వింటే ఏం చేస్తాం? పైగా తలూపడం, మొహం చిట్లించడం టేపులో పడవు.

గోడమీదపిల్లి: మా ఇంటికొచ్చినతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, సగం తనే నింపుకుని సంతకం పెట్టమన్నాడు. ఇవన్నీ ఎందుకు చెప్పండి.

టేపులు_వింటాను: అది దొంగ ఫారం, వేరే జబ్బు. ఇక్కడ అడిగిన దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

లెక్కల_పిచ్చి: 20 మంది, తలా 50 ఇళ్లనుకోండి. అడిగే మనిషి వల్ల జవాబుల్లో వచ్చే పోలిక 0.02 అనుకుంటే, 1 + 49 × 0.02 = 1.98. 1000ని దాంతో భాగించండి: మీ 1000 ఇళ్లు దాదాపు 505 ఇళ్లంత కచ్చితత్వమే ఇస్తాయి. ఇంకో చిక్కు: ఒక్కో ప్రాంతం ఒక్కరికే ఇస్తే తేడా మనిషిదో ప్రాంతానిదో తేలదు. ఒకే ప్రాంతంలో ఇళ్లని చీటీలేసి ఇద్దరికి పంచండి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1940ల్లోనే శాంపిల్‌ని ఇలా ముక్కలు చేసి వేరువేరు బృందాలకి ఇచ్చేవారు.

పాతకాపు: లెక్కలు బాగున్నాయి. మరి 1997లో షోబర్, కాన్రాడ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం చదివారా? తికమక సందర్భాల్లో, ఉన్నదున్నట్టు చదివినవాళ్లకి సరైన జవాబులు 28 శాతం, విడమర్చి మాట్లాడినవాళ్లకి 87 శాతం. నేనూ చేసింది అదేగా!

టేపులు_వింటాను: అదే కాదు. అక్కడ ప్రతి మాటకీ సర్వేవాళ్లు ఇచ్చిన నిర్వచనాన్ని ముందే నూరిపోశారు, అదే చెప్పారు. టైమూ చాలా ఎక్కువ పట్టింది. మీరు పెద్దాయనకి చెప్పింది సర్వే అర్థమా, మీ అర్థమా?

పాతకాపు: నా అర్థమే! వాళ్లదేదో నాకెవరు చెప్పారు గనక? మాన్యువల్లో ఆ మాట దగ్గర ఖాళీ. ఫోన్ చేసి అడిగితే "ఉన్నది చదువు" అన్నారు. తప్పు ప్రశ్న మీరు రాస్తారు, కోత మాకా?

టేపులు_వింటాను: ఇది మొదటే చెప్పాల్సింది. అయితే మీ గొడవ చదవడంతో కాదు. కానీ ఖాళీని 20 మంది 20 రకాలుగా నింపితే అది ఇంకా ఘోరం. ఒక్కో మాటకీ ఒక్కటే వివరణ రాసిచ్చి, అడిగితేనే చదవమనాలి.

కొత్త_సూపర్‌వైజర్ గారూ, ట్రైనింగులో మీరే ఇంటావిడ అవ్వండి. ఎన్ని గంటలు పని చేశారంటే "ఏదో కాసేపు" అనండి. "రెండు వేసుకోనా?" అన్నవాళ్లని అక్కడే ఆపండి. "కాసేపంటే సుమారు ఎన్ని గంటలంటారు?" అని అడిగి, మూడు నాలుగు సెకన్లు నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడం దగ్గరే అందరూ తప్పుతారు, రెండు రోజులు దానికే పోతాయి.

పాతకాపు: ఫారానికింత అని ఇస్తే మూడు సెకన్లు ఎవడు ఆగుతాడు? ముందది చెప్పండి.

కొత్త_సూపర్‌వైజర్: మాదీ ఫారం లెక్కే. రోజుకి 8. ట్రైనింగు ఒక్క రోజే ఇచ్చారు, రెండో రోజు అడిగి చూస్తా.