ఆడేవారి చేతికి మాత్రమే తెలిసే తేడాను ప్రసంగంలో చూపించడం ఎలా?

వచ్చే శుక్రవారం మా కళాశాల ప్రదర్శనలో, నేను తయారుచేసి పూర్తి చేసిన మొదటి వీడియో గేమ్ గురించి తోటి విద్యార్థుల, అధ్యాపకుల ముందు 5 నిమిషాలు మాట్లాడవలసి ఉంది. గోడో అనే గేమ్ ఇంజిన్‌లో తయారుచేసిన ఈ ఆటలో ఒక పిల్లి పెంకుటిళ్ల కప్పుల మీదుగా దూకుతూ వెళ్తుంది. అది అంచు దాటిన తరువాత కూడా 0.1 సెకను వరకు, అంటే సెకనుకు 60 ఫ్రేముల లెక్కన 6 ఫ్రేముల పాటు, జంప్ బటన్ పనిచేసేలా పెట్టాను. దీనినే కయోటీ టైమ్ అంటారు. ఇది లేనప్పుడు ఆడినవారు “నొక్కాను, కానీ దూకలేదు” అనేవారు. పెట్టాక ఆ ఫిర్యాదు ఆగిపోయింది. నా ప్రసంగానికి ఇదే ప్రాణం.

చిక్కేమిటంటే, చూసేవారికి ఈ తేడా కనిపించడం లేదు. మొదటి రిహార్సల్‌లో ఆడుతూ మాట్లాడబోతే, ప్రతి కష్టమైన గెంతు దగ్గరా నా మాట ఆగిపోయింది. రెండోసారి కోడ్ చూపిస్తే, ప్రోగ్రామింగ్ తెలియని మిత్రులు తల దించుకుని ఫోన్లు తీశారు. మూడోసారి `Engine.time_scale = 0.25` పెట్టి, నాలుగో వంతు వేగంతో రికార్డు చేసిన వీడియో చూపించాను. తేడా స్పష్టంగానే కనిపించింది గాని, గాలిలోంచి దూకుతున్న పిల్లిని చూసి ఇద్దరు దానిని ఆటలోని లోపమనుకున్నారు (నెమ్మదిగా చూస్తే నిజంగానే అలాగే ఉంటుంది). ఒక అధ్యాపకురాలిని పిలిచి రెండు రకాలుగానూ ఆడిద్దామంటే, కొత్తవారు అంచుకు చాలా ముందే దూకేస్తారు కనుక తేడా బయటపడకపోవచ్చు.

ఈ భాగానికి నాకున్నది ఒకటిన్నర నిమిషమే. ఆటలు ఆడనివారికి కూడా ఇది లోపం కాదని, కావాలనే పెట్టినదని అర్థం కావాలంటే ముందుగా ఏది చూపించి, ఆ తరువాత ఏమి చెప్పాలి?