యోగపదమా, యోగపాదమా?

అడిగినవారు: లీలావతి శ్లోకం ఒకటి సగమే గుర్తుంది. "తత్కృత్యోర్యోగపాదం కర్ణో దోఃకర్ణవర్గయోర్వివరాత్, మూలం కోటిః..." మా అమ్మాయి లెక్క చూస్తుంటే నోట్లో ఆడింది. sin θ = 5/13, θ రెండో పాదంలో ఉంది, cos θ ఎంత? శ్లోకంలో పాదం అన్నాడంటే భాస్కరుడు ఆ సంగతి కూడా చెప్పినట్టేనా?

ఛందోభిమాని: దీర్ఘం లేదండీ, "యోగపదం". ఇది గీతి, గణానికి నాలుగు మాత్రలు: తత్కృ, త్యోర్యో, గపదం, కర్ణో. "గపాదం" అంటే ఐదు మాత్రలవుతాయి, నడక కుంటుతుంది. పదమంటే ఇక్కడ వర్గమూలమే.

పాతకాపు: మా గురువుగారు పాదమనే చెప్పేవారు. వృత్తంలో నాలుగో వంతని అర్థం. దీర్ఘం పోవడం లేఖకుల పనే అయ్యుంటుంది.

ఛందోభిమాని: రెండో సగంలోనూ "అంతరాత్ పదం బాహుః" అనే ఉంది. లేఖకుడు రెండు చోట్లా దీర్ఘం మింగేశాడా?

లెక్కల టీచర్: శ్లోకంలో అమ్మాయి లెక్క సగం ఉంది. వృత్తం మీది బిందువుకి x² + y² = r². అంతటినీ r²తో భాగిస్తే cos²θ + sin²θ = 1. x²తో భాగిస్తే 1 + tan²θ = sec²θ, కానీ 90° దగ్గర x సున్నా కాబట్టి అక్కడ అది చెల్లదు. ఇక cos²θ = 1 − 25/169 = 144/169. "వివరాత్ మూలం" అంటే కర్ణ, భుజ వర్గాల తేడాకి మూలం, ఇక్కడ 12/13. మా పిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండో పాదంలో x రుణాత్మకం కదా, జవాబు −12/13.

పాతకాపు: ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు? 90 దాటితే కొసైన్ మైనస్, అంతే.

లెక్కల టీచర్: 300° కూడా 90 దాటిందేగా! అక్కడ కొసైన్ +1/2. మైనస్ రెండు, మూడు పాదాల్లోనే. భాస్కరుడి కోటి త్రిభుజం భుజం, పొడవు. దానికి మైనస్ అక్కర్లేదు కాబట్టి పాదం ఊసూ అక్కర్లేదు.

ఛందోభిమాని: అలాగని ఆయనకి తెలియదనుకోకండి. బీజగణితంలో "స్వమూలే ధనర్ణే" అన్నాడు, ధనసంఖ్యకి మూలాలు ధనమూ రుణమూ అని.

కందప్రియ: రెండో పాదంలో యతి ఎక్కడ పడుతుందనా ప్రశ్న? కందమైతే చెప్పగలను. మన పావులూరి మల్లన లెక్కల్నే పద్యాల్లో పెట్టాడు, ఆయన్నెవరూ తలచరేం?

పాతకాపు: మల్లన దగ్గర చూడండి, పాదమనే ఉంటుంది.

ఛందోభిమాని: ఏ పద్యంలో? పాఠం పెట్టండి, మాత్రలు నేను లెక్కపెడతా.