‘మందులన్నీ ఆఫీసులో అప్పగించాలి’ అనే హాస్టల్ నిబంధన ఇన్‌హేలర్‌కూ వర్తించాలా?

బాపట్ల తండ్రి:
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరబోతున్న హాస్టల్ వార్డెన్ నుంచి ఉత్తరం వచ్చింది. ట్రంకుపెట్టె, రెండు తాళాలు, బకెట్టు, మగ్గు, పరుపు, దుప్పట్లు, దోమతెర, స్టీలు కంచం, గ్లాసు తప్పనిసరిగా తేవాలట. సెల్‌ఫోను, బంగారం, వాటర్ హీటర్ రాడ్డు, ఇస్త్రీపెట్టె, దోమల కాయిల్స్, పచ్చళ్లు, ‘ఏ రకమైన మందులైనా’ గదిలో ఉండకూడదట. మందులేవైనా ఉంటే పేరు రాసి ఆఫీసులో ఇవ్వాలి. మా అమ్మాయికి ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్‌ను కూడా అప్పగించమంటే ఒప్పుకోవాలా?

రిటైర్డ్ వార్డెన్:
ఆ ఉత్తరంలాంటివి నేను ఏటా జూన్‌లో రాసినదాన్ని కాబట్టి, అందులోని ప్రతి నిషేధం వెనుకా ఏదో ఒక సంఘటన ఉంటుందని చెప్పగలను. రాడ్డు సంగతే చూడండి. మామూలు గదుల్లో ఉండేది ఆరు ఆంపియర్ల ప్లగ్గు. అది 230 వోల్టుల దగ్గర సుమారు 1380 వాట్ల వరకే భరిస్తుంది. బజారులో దొరికే రాడ్డు తరచుగా 1500 వాట్లు ఉంటుంది. ఒక్కరు పెట్టినా ప్లగ్గు వేడెక్కి కరగవచ్చు, పైగా అమ్మాయిలు నీళ్లు కాగాయో లేదో చేత్తో ముట్టి చూస్తారు. మందుల నిబంధన కూడా అలాగే పుట్టింది. తలనొప్పికి ఒకరి మాత్ర మరొకరు వేసుకుంటారు, ఎవరికి ఏది పడదో ఎవరికీ తెలియదు. కాబట్టి మందులు ఆఫీసులో ఉండటమే క్షేమం. అడిగినప్పుడు ఇస్తారు.

నరసాపురం:
పచ్చళ్లు ఎందుకు వద్దంటారో ముందు ఎవరైనా చెప్పండి. మా అబ్బాయికి ఇచ్చి పంపిన ఆవకాయ జాడీని గేటు దగ్గరే ఆపేశారు. రెండో శనివారం నేను వెళ్లేసరికి ఆఫీసు బీరువా కింద బూజు పట్టి ఉంది. పిల్లవాడు మెస్సులో నీళ్ల సాంబారుతో తింటున్నాడు.

నర్సు, గుంటూరు:
ఆవకాయ గురించి మరో చర్చ పెట్టుకోవచ్చు, ఇక్కడ అడిగింది ఊపిరి గురించి. వార్డెన్ గారూ, ‘అడిగినప్పుడు ఇస్తారు’ అన్న మాట జ్వరం మాత్రకు సరిపోతుంది కానీ ఇన్‌హేలర్‌కు సరిపోదు. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. ఆ సమయంలో పిల్ల మంచం దిగి, వరండా దాటి, మెట్లు దిగి, ఆఫీసు తలుపు తట్టి, తాళంచెవి ఉన్న మనిషి లేచేవరకు నిలబడాలి. ఆయాసంలో ఆ నడకే ఆమెను ఇంకా కుంగదీస్తుంది. మందు లోపలికి వెళ్తే కొన్ని నిమిషాల్లోనే గాలిగొట్టాలు తెరుచుకుంటాయి. ఆ కొన్ని నిమిషాలను దారిలో పోగొట్టుకోవడం ఎందుకు?

కర్నూలు మేనమామ:
మా మేనల్లుడికి ఇదే జబ్బు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి పీల్చే ఇన్‌హేలర్‌ను డాక్టరు రాశారు. దాన్ని క్రమం తప్పకుండా వాడిన తరువాత ఆయాసం రావడమే అరుదైపోయింది. కాబట్టి రెండు పూటలా ఆఫీసుకు వెళ్లి పీల్చి వస్తే చాలు, గదిలో ఉంచుకోవలసిన పని లేదని నా అభిప్రాయం.

నర్సు, గుంటూరు:
మేనమామ గారు చెప్పినదానిలో సగం చాలా విలువైనది. రోజూ వాడవలసినదాన్ని మానేసి, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే మరొకటి పీల్చుతూ కాలం గడిపే పిల్లలే మా వార్డుకు వస్తారు. ఆ రోజువారీ ఇన్‌హేలర్ ఆఫీసులో ఉన్నా నష్టం లేదు, వార్డెన్ దగ్గరుండి వాడిస్తే ఇంకా మంచిది. కానీ ‘అరుదు’ అంటే ‘రాదు’ అని కాదు. దుమ్ము పట్టిన పరుపు దులిపిన రోజో, జలుబు చేసిన రోజో, పక్క గదిలో దోమల కాయిల్ వెలిగించిన రాత్రో రావచ్చు. అప్పుడు వాడే సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ తలగడ పక్కనే ఉండాలి. ఉత్తరంలో దోమతెర తెమ్మని, కాయిల్స్ వద్దని రాయడం ఈ పిల్లకు ఎంతో మేలు చేసే విషయం, దానికి వార్డెన్‌ను మెచ్చుకోవాలి.

తండ్రిగారికి మరొక మాట. అప్పగించేటప్పుడు ‘నీలం ఇన్‌హేలర్’ అని రాయకండి. రంగు కంపెనీని బట్టి మారుతుంది. మందు పేరు రాయండి. చాలా డబ్బాల్లో 200 మోతాదులు ఉంటాయి. లెక్క చూపే కిటికీ లేని డబ్బాను ఊపి చూస్తే ఎంత మిగిలిందో తెలియదు, ఎందుకంటే మందు అయిపోయిన తరువాత కూడా గ్యాసు మిగిలి ఉండి చప్పుడు వస్తుంది. అందుకే మొదలుపెట్టిన తేదీని డబ్బా మీదే రాయించండి. ఎండ తగిలే కిటికీ గట్టు మీద పెట్టవద్దని కూడా అమ్మాయికి చెప్పండి.

ట్రంకుపెట్టె:
రెండు తాళాలు తెమ్మని వాళ్లే రాస్తారు, తరువాత తనిఖీ పేరుతో పెట్టె తెరిపిస్తారు. ఇన్‌హేలర్‌ను పెట్టె అడుగున దాచి పంపండి. ఎవరినీ అడగవలసిన అవసరం లేదు.

నర్సు, గుంటూరు:
దాచిన వస్తువు ఎక్కడ ఉందో ఆ పిల్లకు తప్ప మరెవరికీ తెలియదు. ఆయాసంలో ఆమె మాట్లాడలేకపోవచ్చు. దయచేసి అటువంటి సలహా ఇవ్వకండి.

రిటైర్డ్ వార్డెన్:
నర్సు గారు చెప్పింది విన్నాను. అయినా నా మాట మార్చుకోలేను. ‘ఏ రకమైన మందులైనా’ అని ఎందుకు రాస్తామో ఇంతవరకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. పరీక్షల నెలలో ఒక అమ్మాయి తన దగ్గర పోగుచేసుకున్న మాత్రలన్నీ ఒక్కసారే మింగింది. ఆసుపత్రికి తీసుకువెళ్లి బతికించుకున్నాం. ఆ రాత్రి నుంచి గదిలో ఒక్క మాత్ర ఉన్నా నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు పది మంది తల్లిదండ్రులు పది రకాల చీటీలతో వస్తారు. మూడు వందల మంది పిల్లల్లో ఎవరి చీటీ నిజమో తేల్చుకునే చదువు వార్డెన్‌కు లేదు.

బాపట్ల తండ్రి:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఇన్‌హేలర్ మాత్రల పట్టీ కాదు. మీకు కలిగిన భయానికి మా పిల్ల ఊపిరిని తాళం వేసి పెట్టమనడం ఏమి న్యాయం? మీరు నిద్రపోవడానికి ఆమె మేలుకొని ఉండాలా?

రిటైర్డ్ వార్డెన్:
అయితే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ప్రవేశ దరఖాస్తులో ‘దీర్ఘకాలిక వ్యాధులు’ అన్న గడిలో మీరు ఏమి రాశారు?

బాపట్ల తండ్రి:
‘లేవు’ అని రాశాను, కారణం లేకుండా రాయలేదు. దీనికి ముందు వెళ్లిన కాలేజీలో నిజమే రాశాం. సీటు ఖాయమైందన్నవారే ఆ గడి చూసి, ‘ఇలాంటి పిల్లల బాధ్యత మేము తీసుకోలేము, డే స్కాలర్‌గా అయితే చేర్చుకుంటాం’ అన్నారు. మేము ఉండే ఊరి నుంచి రోజూ వెళ్లిరావడం కుదరదు. పైగా ఆడపిల్లకు ఉబ్బసం ఉందని నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాల సమయంలో ఏమంటారోనని ఇంట్లో పెద్దవాళ్ల భయం. ఇన్ని తలుపులు మూసుకుపోయాక ఏమి రాయమంటారు?

రిటైర్డ్ వార్డెన్:
కోపం ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు తెలిసింది. మీరు నాకు తెలియనివ్వని జబ్బుకు నేను మినహాయింపు ఎలా ఇవ్వగలను? రాత్రి రెండింటికి పక్క మంచం పిల్ల పరుగెత్తుకొని వచ్చి ‘ఊపిరాడటం లేదు’ అంటే, అది ఉబ్బసమో, భయమో, పాము కాటో వార్డెన్‌కు తెలియదు. ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలో, డాక్టరుకు ఏమి చెప్పాలో తెలియదు. వస్తువుల జాబితా గురించి ఇంతసేపు వాదించాం కానీ, అసలు విషయం ఆ గడిలోనే ఉంది.

ఖమ్మం అమ్మ:
ఇద్దరి మాటలోనూ నాకు తెలిసిన బాధ ఉంది కాబట్టి మా అనుభవం చెబుతాను. మా పాపకు టైప్ 1 మధుమేహం. ఇన్సులిన్ ‘మందు’ కిందకు వస్తుంది, రాత్రి షుగరు పడిపోతే వేసుకోవలసిన గ్లూకోజ్ పొడి ‘గదిలో తినుబండారాలు నిషిద్ధం’ అన్న మరో వాక్యం కిందకు వస్తుంది. మేము దాచలేదు. చేరే రోజుకు ముందే వెళ్లి డాక్టరు ఉత్తరం ఇచ్చాం. మొదట వాళ్లు కూడా వెనకాడారు. అప్పుడు ఏది గదిలో ఉండాలి, ఏది వాళ్ల దగ్గర ఉండాలి అని విడదీసి రాసి ఇచ్చాం. గ్లూకోజ్ పొడి, వాడుతున్న ఇన్సులిన్ పెన్ను గదిలో. వాడని పెన్నులు మెస్సు ఫ్రిజ్‌లో.

అయినా పొరపాటు జరిగింది. మెస్సువాళ్లు పెన్నులను ఐసు గడిని ఆనించి పెట్టారు. ఇన్సులిన్ గడ్డకట్టి కరిగితే పనిచేయదు, చూడటానికి మాత్రం కొన్నిసార్లు మామూలుగానే ఉంటుంది. రోజూ అంతే మోతాదు తీసుకుంటున్నా షుగరు దిగకపోవడం వల్లనే మాకు అనుమానం వచ్చింది. ఆ తరువాత వాటిని ఫ్రిజ్ తలుపు అరలో పెట్టించాం. వార్డెన్‌కు విషయం తెలుసు కాబట్టే నాకు ఫోను వచ్చింది. తెలియకపోతే పాప చదువు ఒత్తిడితో నీరసపడిందని అనుకొని ఊరుకునేవారు.

నర్సు, గుంటూరు:
తండ్రిగారూ, ఇదే పద్ధతి మీకూ పనికొస్తుంది. డాక్టరు చేత ఒకే కాగితం రాయించండి. ఆయాసం వస్తే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి స్పేసర్‌తో ఎన్నిసార్లు పీల్చాలి, ఎంతసేపు ఆగి మళ్లీ పీల్చాలి, ఎప్పుడు ఇక ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి అనేవి అందులో ఉండాలి. ఒక వాక్యం ఏకబిగిన చెప్పలేకపోవడం, గొంతు కింది గుంట లోపలికి పోవడం, పెదవులు నీలిరంగుకు మారడం వంటి గుర్తులు కనిపిస్తే గదిలో కూర్చోబెట్టకూడదు. పిల్లికూత వినబడటం ఆగిపోయిందంటే తగ్గిందని అనుకోవద్దు, గాలి ఆడటమే తగ్గిపోయి కూడా చప్పుడు ఆగుతుంది. ఒక ఇన్‌హేలర్ అమ్మాయి దగ్గర, రెండోది ఆఫీసులో, కాగితం నకలు పక్క మంచం అమ్మాయి దగ్గర కూడా ఉండాలి.

రిటైర్డ్ వార్డెన్:
దీనికి నేను ఒప్పుకుంటాను. అయితే ‘గదిలో ఉన్న ఇన్‌హేలర్ వాడకానికి పూర్తి బాధ్యత మాదే’ అని తల్లిదండ్రులు సంతకం చేయాలి.

బాపట్ల తండ్రి:
దరఖాస్తులో ఆ గడి సరిచేయడానికి సోమవారం వెళ్తాను, డాక్టరు కాగితం కూడా ఇస్తాను. కానీ ‘పూర్తి బాధ్యత మాదే’ అన్న కాగితం మీద సంతకం పెట్టను. మందు వాడటం అమ్మాయి బాధ్యత, వాహనం పిలవడం హాస్టల్ బాధ్యత. ఆ రెండూ ఒకే వాక్యంలో నా మీదకు రావు.

రిటైర్డ్ వార్డెన్:
సంతకం లేకుండా యాజమాన్యం ఒప్పుకోదు. నేను ఉన్నప్పుడూ ఒప్పుకోలేదు.

ఖమ్మం అమ్మ:
మాకూ అదే కాగితం ఇచ్చారు. ‘పూర్తి’ అన్న మాట కొట్టేసి, ‘అత్యవసర సమయంలో ఆసుపత్రికి చేర్చడం హాస్టల్ బాధ్యత’ అని కింద చేత్తో రాసి సంతకం పెట్టాం. తీసుకున్నారు. మీ దగ్గర తీసుకుంటారో లేదో చెప్పలేను కానీ, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోకుండా మాత్రం తిరిగి రావద్దు.